కోట్‌లతో నిండిన పేరాను సొంత మాటల్లోకి మార్చడం: ఒక్క చిన్న కోట్ మిగిల్చి, అర్థం చెడకుండా

ప్రశ్న: "శ్రీకాకుళంలో ఎంఏ చదువుతున్నాను. పొందూరు ఖద్దరు మీద ప్రాజెక్టు రిపోర్టు రాస్తున్నాను. ఒక పేరాలో నాలుగు కోట్‌లు వరసగా పెట్టానని గైడ్ సార్ వెనక్కి ఇచ్చేశారు. 'సొంత మాటల్లో రాసి ఒక్క చిన్న కోట్ ఉంచు, రిఫరెన్స్ సరిగా ఇవ్వు' అన్నారు. మార్చబోతే అర్థం మారిపోతోంది, మార్చకపోతే కాపీలా ఉంటోంది. ఎలా చెయ్యాలి?"

ముందుగా సూటిగా చెప్పేస్తాను. నాలుగు కోట్‌ల కింద ఒక్కో వాక్యంలో "దీన్ని నేనెందుకు తెచ్చాను" అని రాసుకోండి. పుస్తకం మూసి, ఆ నాలుగు వాక్యాలతోనే పేరా కట్టండి. తర్వాత పుస్తకం తెరిచి మీ ప్రతి వాక్యాన్నీ మూలంతో పోల్చి మూడు విషయాలు చూడండి: ఆ మాట అన్నది ఎవరు, ఎంత గట్టిగా అన్నారు, ఏ షరతు మీద అన్నారు. ఏ వాక్యంలో మాటలే సాక్ష్యమో దాన్ని మాత్రం ఉన్నదున్నట్టు కోట్‌లో ఉంచండి. పేజీ నంబరు పేరా చివర ఒక్కసారి ఇచ్చి ఊరుకోకుండా, ప్రతి విషయం పక్కనా ఇవ్వండి.

విజయనగరంలో ఎన్నో ఏళ్ళుగా పీజీ పిల్లల రిపోర్టులు దిద్దుతున్నాను. సొంత మాటల్లో రాయమంటే ఎక్కువమంది చేసేది వాక్యాన్ని అలాగే ఉంచి పదాలు మార్చడం. మీకు ఎదురైన రెండు ఇబ్బందులూ అక్కడి నుంచే వస్తాయి. వాక్యం నడక అదే కాబట్టి కాపీలా కనిపిస్తుంది. పదం బదులు పదం వేసినచోట అర్థం జారుతుంది.

మీ పేరా ఇక్కడ లేదు కాబట్టి నేను ఒక నమూనా తీసుకుంటాను. కింది "మూలం" నిజమైన పుస్తకం కాదు. చూపించడానికి నేనే రాశాను, అందులోని సంగతుల్ని మీ రిపోర్టులో వాడకండి. పేరు ఉండాల్సినచోట "రచయిత" అనీ, సంవత్సరం 2011 అనీ పెట్టాను.

మూలంలో ఇలా ఉందనుకుందాం.

42వ పేజీ: "పొందూరులో సన్న నూలు వడికేవారిలో ఎక్కువమంది పెద్ద వయసు స్త్రీలే. వాలుగ చేప దవడతో పత్తి దువ్వడం దగ్గర నుంచి నూలు తీయడం దాకా పని దాదాపు అంతా వారి చేతుల మీదే సాగుతుంది."

43వ పేజీ: "కొత్త తరం ఈ పనిలోకి రాకపోవడానికి తక్కువ కూలి ఒక కారణం కావచ్చు. అయితే మేం మాట్లాడిన కుటుంబాల్లో కూలి కంటే కంటి శ్రమనే ముందు చెప్పినవారూ ఉన్నారు." అదే పేజీలో నూలు వడికే ఒకావిడ మాట: "కళ్ళు ఆనినన్నాళ్ళే ఈ నూలు. ఆనకపోతే ఏటి తీస్తాం?"

45వ పేజీ: "కూలి పెరిగితే కొందరైనా తిరిగి రాట్నం పట్టే అవకాశం ఉంది, కొనుగోలు నిలకడగా ఉంటేనే."

విద్యార్థి రాసే పేరా సాధారణంగా ఇలా వస్తుంది: రచయిత ప్రకారం "పొందూరులో సన్న నూలు..." అని మొదటి కోట్ మొత్తం, "అని కూడా అన్నారు" అంటూ రెండోది, "అని చెప్పారు" అంటూ మూడోది, "అని ముగించారు" అంటూ నాలుగోది. ఆ పేరాలో విద్యార్థి సొంతంగా రాసింది ఆ "అన్నారు, చెప్పారు, ముగించారు" మాత్రమే. గైడ్‌కు నచ్చనిది కోట్‌ల సంఖ్య కాదు. ఆ నాలుగూ పక్కపక్కన ఎందుకున్నాయో చెప్పే గొంతు పేరాలో లేదు.

ముందు ఆ పేరా పని ఏమిటో తేల్చుకోండి. మన నమూనాలో అధ్యాయం "కొత్త తరం వడకడానికి ఎందుకు రావడం లేదు" అన్నదాని గురించి అనుకుందాం. అప్పుడు మొదటి కోట్ కింద "పని ఇప్పుడు ఎవరి మీద నిలబడిందో చూపడానికి" అని రాస్తాం. రెండోదాని కింద "కూలి ఒక్కటే కారణం కాదనడానికి", మూడోదాని కింద "కంటి శ్రమ అంటే ఏమిటో వాళ్ళ నోటితోనే వినిపించడానికి", నాలుగోదాని కింద "కూలి పెంచితే ఏమవుతుందో, దానికి హద్దు ఏమిటో చెప్పడానికి". ఇలా రాయగానే ఒక సంగతి బయటపడుతుంది. వాలుగ దవడతో పత్తి దువ్వడం ఈ పేరాకు అక్కర్లేదు. అది తయారీ విధానం చెప్పే అధ్యాయంలోకి పోవాలి. కోట్ మొత్తం దింపేసినప్పుడు ఇలాంటివి తెలియకుండానే వెంట వచ్చేస్తాయి.

ఇక పుస్తకం మూసి రాయమన్నాను కదా. మొదటిసారి రాసినప్పుడు చాలామంది చేతిలో వచ్చేది ఇది:

"పొందూరులో నూలు వడికేది వృద్ధ స్త్రీలే. కూలి తక్కువ కావడం వల్ల, కంటి శ్రమ వల్ల యువత ఈ పనికి రావడం లేదు. కూలి పెంచితే వారు తిరిగి వస్తారు (రచయిత, 2011)."

చదవడానికి హాయిగా ఉంది, కాపీ కూడా కాదు. కానీ ఇది ఆ రచయిత చెప్పిన మాట కాదు. ఒక్కొక్కటే చూడండి.

మూలంలో "సన్న నూలు వడికేవారిలో ఎక్కువమంది" అని ఉంది. ఇక్కడ "సన్న" పోయింది, "ఎక్కువమంది" పోయింది. పొందూరులో నూలు వడికేవాళ్ళందరూ వృద్ధ స్త్రీలే అన్న అర్థం వచ్చేసింది. అక్కడ వడికే మగవాళ్ళు ఒకరిద్దరు కనబడినా మీ వాక్యం తప్పయిపోతుంది, ఆ తప్పు రచయిత నెత్తిన పడుతుంది.

మూలంలో తక్కువ కూలి "ఒక కారణం కావచ్చు". మన వాక్యంలో "వల్ల" అని తేల్చి చెప్పేశాం. కంటి శ్రమను ముందు "చెప్పినవారూ ఉన్నారు" అన్నది రచయిత మాట. ఆయన ఎంతమందో చెప్పలేదు, దాన్ని కారణంగా నిర్ధారించనూ లేదు. మనం దాన్ని కూలితో సమానమైన రెండో కారణంగా నిలబెట్టాం.

చివరి వాక్యంలో ఉన్నది చాలా పెద్ద పొరపాటు, దొరకడం కూడా కష్టం. "కొందరైనా" పోయింది, "అవకాశం" పోయింది, "కొనుగోలు నిలకడగా ఉంటేనే" అన్న షరతు మొత్తం ఎగిరిపోయింది. దీనికి తోడు "వారు" అన్న సర్వనామం వెనక వాక్యంలోని యువతను పట్టుకుంది. మూలంలో "తిరిగి రాట్నం పట్టే" వాళ్ళంటే ఒకప్పుడు వడికి మానేసినవాళ్ళు. అసలెప్పుడూ రాట్నం ముట్టని యువత తిరిగి ఎలా పడుతుంది? ఒక్క సర్వనామంతో సిఫారసు అంతా వేరే మనుషుల మీదికి వెళ్ళిపోయింది. రేపు ఆ రిపోర్టు చదివినవాళ్ళు "కూలి పెంచితే యువత వస్తుందని ఫలానా పరిశోధకుడు చెప్పాడు" అని ఎత్తి రాస్తారు.

అందుకే రెండోసారి పుస్తకం తెరిచినప్పుడు మూలంలో పెద్ద పదాల కింద కాదు, చిన్న పదాల కింద గీత గీయమంటాను. ఎక్కువమంది, దాదాపు, ఒక కారణం, కావచ్చు, కొందరైనా, అవకాశం. వాటితోపాటు మాటల చివర అంటుకుని ఉండే "ఏ", "ఊ" లు. "ఉంటే"కీ "ఉంటేనే"కీ మధ్య ఎంత తేడా ఉందో తెలుగు వచ్చినవాళ్ళకు చెప్పనక్కర్లేదు, కానీ తిరగరాసేటప్పుడు ముందు రాలిపోయేది ఆ "నే" నే. గీత గీసిన ప్రతిదానికీ మీ పేరాలో బదులు ఉందో లేదో చూడండి. అదే పదం ఉండాలని కాదు, అదే బరువు ఉండాలి.

దీనికి అటువైపు తప్పు కూడా ఉంది. అర్థం చెడుతుందని భయపడి ఇలా రాస్తారు: "పొందూరులో సన్న నూలు తీసేవాళ్ళలో అధిక శాతం మంది వయసు మళ్ళిన మహిళలే." వడికే బదులు తీసే, ఎక్కువమంది బదులు అధిక శాతం, పెద్ద వయసు స్త్రీలు బదులు వయసు మళ్ళిన మహిళలు. వాక్యం ఎముకలన్నీ రచయితవే, పైన చర్మం మార్చారంతే. పక్కన రిఫరెన్స్ ఇచ్చినా ఇది సొంత రాత కిందికి రాదు, కోట్ గుర్తులు లేవు కాబట్టి కోట్ కిందికీ రాదు. దానికి తోడు "అధిక శాతం" అనగానే ఎవరో లెక్క కట్టారన్న భావన వచ్చేస్తుంది. మూలంలో లెక్క లేదు. గ్రాంథికంలో ఉన్న పాత పుస్తకాన్ని వ్యావహారికంలోకి దించి సొంత మాటలు అనుకోవడం కూడా ఇలాంటిదే.

ఏ కోట్ మిగల్చాలి? నేను వాడే పరీక్ష ఒక్కటే: మాటలు మార్చితే ఏదైనా పోతుందా? మొదటి, రెండో, నాలుగో కోట్‌లలో ఉన్నది సమాచారం. జాగ్రత్తగా మారిస్తే ఏమీ పోదు. నూలు వడికే ఆవిడ మాట అలా కాదు. "కంటిచూపు ఉన్నంతవరకే ఈ పని చేయగలమని ఒక మహిళ పేర్కొన్నారు" అని రాస్తే ఆవిడ అక్కడ లేనట్టే. కాబట్టి అదే ఉంచాలి.

ఆవిడ రెండు వాక్యాల్లోనూ మొదటిది చాలు. "ఆనకపోతే ఏటి తీస్తాం?" బాగానే ఉంటుంది కానీ ఒంటరిగా పెడితే "ఏది ఆనకపోతే, ఏమిటి తీయడం" అని చదివేవాళ్ళు తడుముకుంటారు. అప్పుడు చదరపు బ్రాకెట్లలో [కళ్ళు] అనీ [నూలు] అనీ చేర్చాలి. మీరు చేర్చిన మాటలు బ్రాకెట్లలోనే ఉండాలి, కోట్ లోపల కలిపేయకూడదు. అయితే ఇంత చిన్న కోట్‌లో రెండు బ్రాకెట్లు పెడితే మాట బిగువు పోతుంది. మొదటి వాక్యం తనంతట తాను నిలబడుతుంది.

రెండోదే కావాలనుకుంటే మాత్రం "ఏటి"ని "ఏమి" చేయకండి. మన వైపు మాటను పుస్తకాల తెలుగులోకి దిద్దడం మర్యాద అనుకుంటారు కొందరు. కోట్ గుర్తుల మధ్య అక్షరం మార్చడమంటే ఆ మనిషి అనని మాటను అంటగట్టడం. టైపింగ్ చేయించేటప్పుడు డీటీపీ సెంటర్లో కూడా ఈ దిద్దుబాటు జరిగిపోతుంది, ప్రూఫ్‌లో తప్పకుండా చూసుకోండి.

ఇప్పుడు పూర్తయిన పేరా:

"సన్న నూలు పని ఇవాళ ప్రధానంగా వయసు పైబడిన స్త్రీల చేతుల్లో ఉందని రచయిత (2011) గమనించారు (పు. 42). వారి తర్వాత ఎవరన్న ప్రశ్నను కూలి వైపు నుంచి మాత్రమే చూడటం సరిపోదు. తక్కువ కూలి యువతను దూరంగా ఉంచుతూ ఉండవచ్చని అంటూనే, తాము కలిసిన కుటుంబాల్లో కొందరు దానికన్నా కంటికి కలిగే శ్రమకు ముందు చోటిచ్చారని రచయిత నమోదు చేశారు (పు. 43). నూలు వడికే ఒకావిడ ఆయన బృందంతో అన్న మాట ఇది: "కళ్ళు ఆనినన్నాళ్ళే ఈ నూలు" (రచయిత, 2011, పు. 43). కూలి పెంపు ఈ పని మానేసినవారిలో కొందరిని వెనక్కి తేవచ్చు గానీ, కొనుగోళ్ళు ఆగకుండా సాగితే తప్ప అది జరగదన్నది రచయిత అభిప్రాయం (పు. 45)."

రెండో వాక్యం పక్కన రిఫరెన్స్ లేదు చూశారా? అది విద్యార్థి సొంత వాదన, పేరాకు వెన్నెముక. దాని పక్కన కూడా పేజీ నంబరు పెడితే మీ ఆలోచనను రచయితకు అంటగట్టినట్టవుతుంది. పేరా చివర ఒక్కటే రిఫరెన్స్ పెట్టొద్దన్నది ఇందుకే. అలా పెడితే ఎక్కడిదాకా రచయితది, ఎక్కడ మీది అన్నది చదివేవాళ్ళకు తెలియదు.

చివరి వాక్యంలో "తేవచ్చు" అన్నాను, "తేగలదు" అనలేదు. మూలంలో ఉన్నది అవకాశం మాత్రమే. "కొనుగోళ్ళు" అన్నచోట "ప్రభుత్వ కొనుగోళ్ళు" అని రాయాలనిపిస్తుంది, మీకు ఆ సంగతి తెలుసు కాబట్టి. మూలంలో ప్రభుత్వం లేదు, అందుకే చేర్చలేదు. మీకు తెలిసినది చెప్పాలంటే వేరే వాక్యంలో, వేరే ఆధారంతో చెప్పండి.

క్రియల దగ్గర కూడా కాస్త ఆగండి. "గమనించారు", "నమోదు చేశారు", "అభిప్రాయం" ఇవన్నీ మూలం బరువుకు తగ్గట్టు ఎంచుకున్నవి. "నిరూపించారు" అని రాస్తే లోపల వాక్యం ఎంత జాగ్రత్తగా రాసినా అర్థం మారిపోయినట్టే. "ఒప్పుకున్నారు" అంటే అంతకుముందు కాదన్నారేమో అనిపిస్తుంది.

రిఫరెన్స్ విషయం. పై పేరా ఏపీఏ పద్ధతిలో ఉంది. అందులో నేరుగా ఎత్తిన మాటకు రచయిత, సంవత్సరం, పేజీ మూడూ తప్పనిసరి. సొంత మాటల్లో చెప్పినదానికి పేజీ తప్పనిసరి కాదు, కానీ ఇవ్వడం మంచిదని వాళ్ళే అంటారు. మీరు ఇవ్వండి, ఎందుకంటే వైవాలో అడిగితే ఆ పేజీ తీసి చూపించవచ్చు. నలభై పదాల లోపు కోట్ వాక్యంలోనే, కోట్ గుర్తుల మధ్య ఉంటుంది. నలభై, ఆపైన ఉంటే గుర్తులు లేకుండా పక్కకు జరిపి విడిగా పెట్టాలి. ఎంఎల్ఏ పద్ధతి అడిగితే బ్రాకెట్లలో సంవత్సరం ఉండదు, పేరూ పేజీ చాలు. కొన్ని తెలుగు శాఖల్లో అంకె వేసి పాదసూచిక ఇమ్మంటారు. మీ గైడ్ ఏది అడిగితే అదే, రిపోర్టు మొత్తం ఒకటే.

పేజీ నంబరు దగ్గర ఎక్కువగా దొర్లే తప్పు ఒకటుంది. స్కాన్ చేసిన పీడీఎఫ్‌లో తెర మీద కనబడే అంకె, పుస్తకం పేజీ మీద అచ్చయిన అంకె ఒకటి కావు. అట్ట, ముందుమాట, విషయసూచిక కలిసి ముందుకు జరిగిపోతుంది. అచ్చయిన అంకె ఇవ్వాలి.

ఒకరి పుస్తకంలో ఇంకొకరి పుస్తకం నుంచి ఎత్తిన వాక్యం మీకు నచ్చిందనుకోండి. వీలైతే ఆ అసలు పుస్తకం సంపాదించండి. దొరక్కపోతే అసలు రచయిత పేరు వాక్యంలో చెప్పి, రిఫరెన్స్‌లో "ఫలానా పుస్తకంలో ఉటంకించినట్టు" అని మీరు చదివినదాన్నే చూపండి. చూడని పుస్తకాన్ని చూసినట్టు రాస్తే, మధ్యలో ఉన్నాయన చేసిన తప్పు కూడా మీదే అవుతుంది. పైన ఆవిడ మాట ఈ కోవలోకి రాదు. ఆ మాటను మొదట అచ్చువేసింది మన మూలమే, అందుకే ఆ పేజీ చాలు. అయితే మాట్లాడింది రచయిత కాదు, ఆవిడ అని వాక్యంలో స్పష్టంగా ఉండాలి. "రచయిత ఇలా అన్నారు" అని ఆవిడ మాట పెట్టిన రిపోర్టులు చాలా వస్తుంటాయి.

కొందరు కోట్‌లు తగ్గించేది ప్లేజియరిజం శాతం భయంతో. యూజీసీ 2018 నిబంధనల్లో పది శాతం వరకు పోలికకు శిక్ష లేదు. సరైన ఆధారం చూపి ఎత్తిన భాగాన్ని ఆ లెక్కలోంచి తీసేయాలని కూడా వాటిలోనే ఉంది. కాబట్టి గుర్తులు పెట్టి, పేరూ పేజీ ఇచ్చిన కోట్ మీకు ముప్పు కాదు. గుర్తులు తీసేసి పదాలు అటూఇటూ చేసిన వాక్యమే ముప్పు.

ఈ పద్ధతి పనికిరాని చోట్లు కూడా ఉన్నాయి. తప్పెటగుళ్ళ పాట మీద రాస్తూ చరణాలను సొంత మాటల్లో చెబితే పరిశీలించడానికి ఏమీ మిగలదు. అక్కడ కోట్‌లు ఎన్ని కావాలంటే అన్ని ఉండాలి, కాకపోతే ప్రతి కోట్ తర్వాతా మీరు చూసినదేమిటో రాయాలి. చట్టం వాక్యాలు, నిర్వచనాలు కూడా ముట్టుకోకూడదు. అంకెలున్న వాక్యంలో వాక్యం మార్చండి, అంకెను, అది ఏ సంవత్సరానిదో, దేన్ని లెక్కపెట్టినదో మార్చకండి.

చివరిగా, పొందూరు వెళ్ళి మీరే మాట్లాడి రాసుకున్న మాటలుంటే వాటికి పై రిఫరెన్స్ నియమాలు వర్తించవు. అవి మీ సొంత పరిశోధనలో భాగం. ఏపీఏ పద్ధతిలో వాటికి గ్రంథసూచిలో పద్దు అక్కర్లేదు. ఎప్పుడు, ఎక్కడ, ఎలా మాట్లాడారో పద్ధతి చెప్పే అధ్యాయంలో రాసి, వాళ్ళు ఒప్పుకుంటేనే పేరు వాడి, లేకపోతే "ఒకటో వ్యక్తి" అన్నట్టు గుర్తు పెట్టండి. రికార్డింగ్ వినకుండా గుర్తున్న మాటను మాత్రం కోట్ గుర్తుల మధ్య పెట్టకండి, దాన్ని సొంత మాటల్లోనే చెప్పండి.

మీ అసలు పేరాతో పాటు మూలం ఆ రెండు మూడు పేజీల ఫొటో కూడా ఇక్కడ పెడితే చూసి చెబుతాను. మూలం లేకుండా పేరా ఒక్కటే పెడితే భాష దిద్దగలనే గానీ అర్థం నిలిచిందో లేదో చెప్పలేను.